గుంట రాయి రోలా, రుబ్బురోలా? అరుగుదల చూసి చెప్పడం

ప్రశ్న: మా అమ్మమ్మగారి పెరడు బాగు చేయిస్తుంటే రెండు పాత రాళ్లు బయటపడ్డాయి. ఒకదానికి లోతైన గుంట ఉంది, రెండోది గుండ్రంగా నడిమి చిల్లుతో ఉంది. మొదటిది రోలా, రుబ్బురోలా? రెండోది తిరగలిలో పైరాయా, కిందిరాయా? చూసి ఎలా చెప్పాలి?

జవాబు:

రాయి బయటి ఆకారాన్ని పక్కన పెట్టి గుంట లోపల చూడండి. బయట పలకగా చెక్కాలా, గుండ్రంగా చెక్కాలా అన్నది ఆ రోజు దొరికిన రాయిని బట్టి, పనివాడి ఇష్టాన్ని బట్టి ఉండేది. లోపలి అరుగుదల మాత్రం ఆ ఇంట్లో ఏళ్ల తరబడి జరిగిన పని వల్ల వచ్చింది. మా నాన్నగారు ఊరూరా తిరిగి, అరిగి నున్నబడిన రోళ్లకు, తిరగళ్లకు ఉలితో గాట్లు పెట్టే పని, అంటే కక్కులు కొట్టే పని చేసేవారు. సెలవుల్లో ఉలుల సంచి మోస్తూ నేనూ వెంట వెళ్లేవాణ్ని. ఆయన ఇంటివాళ్లను ఏమీ అడగకుండానే ముందు గుంటలో చెయ్యి పెట్టి తడిమేవారు. నేను చెప్పేదంతా అలా నేర్చుకున్నదే.

ముందు రాయిని మామూలు నీళ్లతో, కొబ్బరి పీచుతో కడగండి. ఇనుప బ్రష్షు, యాసిడ్ వాడితే మనకు కావలసిన నునుపే చెరిగిపోతుంది. బాగా ఆరాక, చీకటి పడ్డాక, టార్చిలైటును గుంట అంచు దగ్గర పక్కవాటుగా పెట్టి చూడండి. నిట్టనిలువుగా వేస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏటవాలు వెలుగులో చిన్న గాటు కూడా నీడ వేసి బయటపడుతుంది.

రుబ్బురోలులో పొత్రం గుంట గోడలను ఒరుసుకుంటూ తిరుగుతుంది. అందుకని నునుపు అడుగున ఆగదు, గోడల మీదుగా దాదాపు నోటి దాకా పాకుతుంది. బొటనవేలితో రాస్తే నల్లరాయిలోని పలుగురాయి గింజలూ, వాటి చుట్టూ ఉన్న రాయీ ఒకే మట్టాన అరిగి తగులుతాయి. వెలుగులో గుంట చుట్టూ అడ్డంగా సాగే సన్నటి గీతలు కనిపిస్తాయి. అడుగు గిన్నెలా వెడల్పుగా ఉంటుంది, నోటి అంచు మెత్తగా గుండ్రబడి ఉంటుంది.

రోట్లో పని వేరు. రోకలి పైనుంచి పడుతుంది, దాని కొసకు ఇనుప పొన్ను ఉంటుంది. దెబ్బంతా అడుగు మధ్యన పడుతుంది కాబట్టి అక్కడ గింజలు నలిగి, తెల్లగా పొడి రాలినట్టు గరుకుగా ఉంటుంది. గుంట కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గోడలకు అంత నునుపు రాదు. గురి తప్పిన దెబ్బలకు నోటి దగ్గర పెచ్చులు ఊడి ఉంటాయి. గుంట లోతు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. వడ్లు దంచేటప్పుడు గింజ చిందకుండా పైన కుందెన పెట్టుకునేవాళ్లు, అలాంటి చోట లోతు తక్కువ గుంట కూడా రోలుగానే పనికొచ్చేది.

చాలామంది తికమకపడేది కక్కుల దగ్గరే. బాగా అరిగి నున్నబడిన రుబ్బురోట్లో పప్పు త్వరగా నలగదు, జారిపోతూ ఉంటుంది. అప్పుడు ఉలితో లోపల చిన్న చిన్న గాట్లు పెట్టించేవాళ్లు. కక్కు కొట్టించాక ఎక్కువగా వాడకుండా మూలన పడేసిన రుబ్బురోలు చేతికి గరుకుగానే తగులుతుంది, దాన్ని దంచిన రోలు అనేస్తారు. ఉలి గాట్లకు ఒక వరస ఉంటుంది. ఒకే వాలులో, ఇంచుమించు సమాన దూరంలో, గోడల మీద కూడా ఉంటాయి. గాటుకీ గాటుకీ మధ్య పాత నునుపు పలకలు పలకలుగా మిగిలి మెరుస్తుంది. రోకలి దెబ్బలకు వరస ఉండదు. ఒకదాని మీద ఒకటి పడి అడుగునే గుమిగూడి ఉంటాయి.

ఒకే రాయి మీద రెండు రకాల గుర్తులూ ఉంటే ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడాలి. మా బంధువుల ఇంట్లో ఒక రాయిని అందరూ రోలు అనే పిలిచేవాళ్లు, ఎండుమిరపకాయలు, పసుపు కొమ్ములు అందులోనే దంచేవాళ్లు. లైటు వేసి చూస్తే గోడలు నోటి నుంచి మూడు వంతుల దాకా అద్దంలా నున్నగా ఉన్నాయి. అడుగున రెండు వేళ్ల ఎత్తు వరకే గరుకు. ఆ గరుకు మొదలయ్యే చోట దెబ్బల గుంటలు నునుపును కోసుకుని దిగాయి, వాటి అంచులు గోటికి పదునుగా తగిలాయి. అంటే నునుపు ముందు వచ్చింది, దెబ్బలు తర్వాత పడ్డాయి. అది రుబ్బురోలుగా పుట్టి, తర్వాత దంచడానికి మారిందన్న మాట. దెబ్బల గుంటల అంచులు అరిగి మెత్తబడి ఉంటే కథ తిరగబడేది, దంచిన తర్వాత రుబ్బారని చెప్పేవాణ్ని. పెరట్లో వెతికితే వాళ్లకు పొత్రం కూడా దొరికింది. దాని కింది భాగం చుట్టూ నున్నగా అరిగి, పైన చేతికి పట్టు దొరికేలా సన్నగా ఉంది.

అన్నట్టు, మీకూ పొడవాటి రాయి ఏదైనా దొరికితే దాన్నీ పరిశీలించండి. సన్నికల్లు పొత్రం అడ్డంగా పడుకుని ముందుకూ వెనక్కూ కదులుతుంది కాబట్టి దాని పక్కలు పొడవునా నున్నబడతాయి, కొసలు చెక్కినవి చెక్కినట్టే ఉంటాయి. రుబ్బురోలు పొత్రంలో నునుపంతా కింది కొసన ఉంటుంది.

పచ్చడి రోలు ఈ రెంటికీ మధ్య. ముందు నాలుగు దెబ్బలు వేసి, తర్వాత బండతో నూరతారు. అడుగున గరుకూ, గోడలకు నునుపూ కలిసి ఉంటాయి, దెబ్బల గుంటల అంచులు మొద్దుబారి ఉంటాయి. గుంట చిన్నదిగా ఉంటుంది కాబట్టి దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు.

ఇక చిల్లు రాయి. ముందు చిల్లు ఈ వైపు నుంచి ఆ వైపు దాకా ఆరపారా ఉందేమో చూడండి. నడిమి చిల్లు వెడల్పుగా ఆరపారా ఉండి, అంచు దగ్గర పిడి దిగ్గొట్టే చిన్న గుంట కూడా ఉంటే అది తిరగలి పైరాయి. కిందిరాయికి నడుమ శీల కూర్చునే సన్నటి గుంట ఉంటుంది, పాత ఇనుము తుప్పు అక్కడ మిగిలి ఉండవచ్చు. విసిరే ముఖం మీద నడిమి చుట్టూ వలయాలుగా తిరిగే గీతలు కనిపించాలి. నడుమ కంటే అంచు వైపు రాపిడి ఎక్కువ దూరం సాగుతుంది కాబట్టి నునుపు కూడా అక్కడే ఎక్కువ. వలయాల జాడే లేకపోతే అది తిరగలి అని ఖాయం చేసుకోకండి.

పాత ఇళ్ల దగ్గర ఇంకో రాయి కూడా దొరుకుతుంది. వెనకటి పెద్ద తలుపులు కింది మొన మీద తిరిగేవి, ఆ మొన ఒక రాతి గుంటలో కూర్చునేది. ఆ గుంట రెండు మూడు అంగుళాలకు మించదు. లోపల వలయాల గీతలతో నున్నగా ఉంటుంది, కానీ రాయి పైముఖం సరిగ్గా చెక్కి ఉండదు. దాన్ని చూసి మందులు నూరే కల్వం అనుకుంటారు. కల్వంలో నునుపు గుంట అంతటా పరుచుకుని ఉంటుంది.

ఒకవేళ మీ రోలు అంచున సన్నటి, పొడవాటి గాట్లు కనిపిస్తే కంగారుపడకండి. కత్తులు, కొడవళ్లు ఆ అంచున నూరుకోవడం మామూలే, వంటకు వాటితో సంబంధం లేదు.

వీటిలో ఏ గుర్తూ రాయి వయసు చెప్పదు. వాడకం ఎక్కువైన ఇంట్లో కొద్ది ఏళ్లకే గుంట నున్నబడుతుంది, వాడకం తక్కువైన చోట తాతల నాటి రాయి కూడా కొత్తదానిలా ఉంటుంది. ఇన్నేళ్లదని ఎవరైనా అరుగుదల చూసి చెబితే నమ్మకండి. ఆ ఇంట్లో పెరిగిన పెద్దవాళ్లెవరైనా ఉంటే ఆ రాయి ఏ మూల ఉండేదో అడగండి. వంటింటి నేలలో పాతి ఉండేదా, పెరటి అరుగు మీద ఉండేదా అన్నది తెలిస్తే మీరు చూసిన గుర్తులతో పోల్చుకోవచ్చు.