పెట్రోల్ ఢిల్లీలో 2 రూపాయలు తగ్గితే హైదరాబాద్‌లో 2.25 ఎందుకు తగ్గింది?

ప్రశ్న: 2024 మార్చిలో పెట్రోల్ రెండు రూపాయలు తగ్గిందన్నారు. ఢిల్లీలో సరిగ్గా రెండే తగ్గింది, మన హైదరాబాద్‌లో మాత్రం 109.66 నుంచి 107.41కి వచ్చింది. ఈ పావలా ఎక్కడిది? పన్ను లీటరుకింత అని ఉంటే మనకు మేలా, ధర మీద శాతంగా ఉంటే మేలా?

జవాబు:

ఉప్పల్ వైపు ఒక పెట్రోల్ బంకులో కొన్నేళ్లు అకౌంట్స్ చూశాను. ఈ పావలా లెక్క నాకు బాగా పరిచయం.

ముందు ఒక సంగతి. ఆ మార్చిలో కేంద్రం పన్ను ముట్టుకోలేదు. పెట్రోల్ మీద ఎక్సైజ్ సుంకం అంతకుముందూ ఆ తర్వాతా లీటరుకు 19.90 రూపాయలే. తగ్గించింది ఆయిల్ కంపెనీలు, తమ ధరలో. అయితే కంపెనీ ధర తగ్గగానే దాని మీద రాష్ట్రం వేసే వ్యాట్ కూడా తనంతట తాను తగ్గుతుంది, ఎందుకంటే అది శాతం. ఢిల్లీలో అది 19.40 శాతం, మన దగ్గర 35.20 శాతం. ఢిల్లీలో పంపు దగ్గర 2 రూపాయలు తగ్గాలంటే వ్యాట్‌కు ముందు ధర 1.67 తగ్గితే చాలు. అదే 1.67 హైదరాబాద్‌కు వచ్చేసరికి 35.20 శాతం కలుపుకుని 2.26 అవుతుంది. పైసల సర్దుబాటులో 2.25. అంతే, మీ పావలా దొరికింది.

పెరిగేటప్పుడూ ఇదే కథ. 2022 మార్చి, ఏప్రిల్‌లలో చాలా రోజులు ఢిల్లీలో 80 పైసలు పెరుగుతుంటే మన బోర్డు మీద 90 పైసలు మారేది. ఇక్కడేదో మోసం జరుగుతోందని కస్టమర్లు మా బాయ్స్‌తో గొడవ పెట్టుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ 107.41ని విప్పి చూద్దాం. డీలర్ కమీషన్‌తో సహా అన్నిటి మీదా వ్యాట్ పడుతుందనుకుని వెనక్కి లెక్కేస్తే 107.41 ÷ 1.352 = 79.45. అంటే వ్యాట్ దాదాపు 28 రూపాయలు. మిగిలిన 79.45లో 19.90 ఎక్సైజ్, తక్కినది కంపెనీలదీ డీలర్‌దీ. ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. వ్యాట్ వేసేది ఎక్సైజ్ కలిపిన మొత్తం మీద. 19.90 మీద 35.20 శాతం అంటే సరిగ్గా 7 రూపాయలు. మనం కట్టే 28లో ఏడు పన్ను మీద పన్నే.

రేపు ముడి చమురు ఎగసి కంపెనీ ధర 10 రూపాయలు పెరిగిందనుకోండి. ఎక్సైజ్ ఉన్న దగ్గరే కూర్చుంటుంది. వ్యాట్ మాత్రం 3.52 పెరుగుతుంది, బోర్డు మీద 13.52 పెరుగుతుంది. వ్యాట్ కూడా శాతం కాకుండా లీటరుకు 28 అని నిలిపి ఉంటే పది పెరిగితే పదే పెరిగేది. తగ్గినప్పుడు కూడా పదే తగ్గేది, 13.52 తగ్గేది కాదు. కాబట్టి శాతం పన్ను ధర ఊపును పెద్దది చేస్తుంది, లీటరు పన్ను ఊపును ఉన్నంతలో ఉంచుతుంది. ధరలు మండేటప్పుడు లీటరు పన్ను మనకు మేలు, పడిపోయేటప్పుడు శాతం మేలు. మండే రోజులే మనకు గుర్తుంటాయి గనక నా ఓటు లీటరు పన్నుకే. కానీ గుడ్డిగా కాదు.

ఎందుకంటే లీటరు పన్ను తనంతట తాను కదలదు గానీ, కదిలించేవాళ్లు ఉంటారు. 2020 మే నెలలో లాక్‌డౌన్ మధ్య ముడి చమురు కుప్పకూలినప్పుడు పెట్రోల్ మీద ఎక్సైజ్ ఒక్క దెబ్బకు 10 రూపాయలు పెంచారు. 32.98 అయింది. బంకు ధర అప్పుడు పెరగలేదు, ఎందుకంటే మనకు తగ్గాల్సింది అందులో కలిసిపోయింది. శాతం పన్నుకు ఇలాంటి ప్రకటనే అక్కర్లేదు, ధరతో పాటు చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. రెండింటిలో ఏది తెలివైన దోపిడీ అని మా ఓనర్ గారూ నేనూ చాలా టీలు తాగాం.

నాకు బాగా తగిలిన రోజు 2022 మే 21, శనివారం. సాయంత్రం టీవీలో పెట్రోల్ మీద ఎక్సైజ్ 8 రూపాయలు తగ్గింపు అన్నారు, తెల్లారితే కొత్త రేటు. ఓనర్ గారు వెంటనే ఫోన్ చేశారు, “ట్యాంకులో ఎంతుంది? డిప్ వేయించు.” కుర్రాడు రాడ్ దించి తీశాడు, తడి గుర్తు చూసి నేను చార్ట్‌తో పోల్చాను. దాదాపు 14 వేల లీటర్లు. అదంతా పాత ఎక్సైజ్, పాత వ్యాట్ కట్టి కొన్న సరుకు. ఆదివారం ఉదయం బోర్డు 119.49 నుంచి 109.66కి దిగింది, లీటరుకు 9.83. 14,000 లీటర్లకు గుణిస్తే లక్షా ముప్పై ఏడు వేలు దాటింది. ముందే కట్టిన పన్ను ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. నిజమే, ధర పెరిగిన రోజుల్లో స్టాక్ మీద లాభమూ వచ్చింది, కానీ అది 90 పైసల చొప్పున వచ్చి పోయింది. పోయింది మాత్రం ఒకే రాత్రి.

ఆ రోజు నాకు ఇంకో అనుమానం కూడా వచ్చింది. 8 తగ్గితే 35.20 శాతంతో కలిపి 10.82 తగ్గాలి కదా, 9.83 మాత్రమే ఎందుకు? వెనక్కి లెక్కేస్తే వ్యాట్‌కు ముందు ధర 7.27 మాత్రమే దిగింది. ఢిల్లీలో తగ్గిన 8.69ని 1.194తో భాగించినా దాదాపు అదే అంకె. అంటే ఎక్సైజ్ 8 దిగిన రాత్రే మిగతా ధర దాదాపు 70 పైసలు పైకి జరిగింది. శాతం తెలిస్తే ఇలాంటివి పట్టుకోవచ్చు.

రెండూ కలిపితే ఎలా ఉంటుందో చూడాలంటే విజయవాడ రోడ్డు ఎక్కండి. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకా రూపాయి రోడ్డు సెస్సు, ఆ సెస్సు మీద మళ్లీ వ్యాట్. అదే 79.45 మీద ఇది 29.94 అవుతుంది, మనకన్నా దాదాపు 2 రూపాయలు ఎక్కువ. అందుకే డ్రైవర్లు కోదాడలో ట్యాంకు నింపుకుని సరిహద్దు దాటతారు. కానీ ధర పెరిగేకొద్దీ మన వ్యాట్ 35.20 శాతం చొప్పున, వాళ్లది 31 శాతం చొప్పున పెరుగుతుంది. వ్యాట్‌కు ముందు ధర 10 పెరిగితే ఆ తేడా రూపాయిన్నరకు దిగుతుంది. వ్యాట్‌కు ముందు ధర 126 దాకా వెళ్తే రెండూ సమానం, ఆపైన కోదాడలో ఆగి నింపుకోవడం దండగ.