గొంతులో ఉండ: ముద్ద దిగుతుంది, గుటకే దిగదు

"అక్కా, మూడు వారాలుగా గొంతులో ఏదో ఉండలా ఉంది. నొప్పి లేదు. మింగితే కిందికి పోదు, కాకరిస్తే పైకి రాదు. పెద్ద జబ్బేమైనా అంటారా?"

ఈ దేశానికి వచ్చి అయిదు నెలలైన ఒక తమ్ముడి సందేహం ఇది. వయసు 32. మెసేజ్ పెట్టింది రాత్రి రెండు గంటలకు. సగం సంగతి ఆ టైమే చెప్పేసింది.

నేను ఒకటే అడిగాను: "భోజనం చేస్తున్నప్పుడు ఆ ఉండ ఉంటోందా, పోతోందా?" ఎప్పుడూ గమనించలేదన్నాడు. మర్నాడు జవాబు వచ్చింది. "విచిత్రం అక్కా, తింటున్నంతసేపూ లేదు. చెయ్యి కడుక్కుని లేచాక మళ్లీ వచ్చి కూర్చుంది."

పంతొమ్మిదేళ్లుగా నేను ఆస్పత్రిలో ఈఎన్‌టీ డాక్టర్ల పక్కన గొంతు, మింగుడు సమస్యల థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఈ జవాబు వింటే సగం భారం దిగిపోతుంది. గొంతులో నిజంగా ఏదైనా పెరిగి దారికి అడ్డం వస్తే, ముందు ఆగేది గట్టి ముద్ద. ఆ తర్వాతే మెత్తనివి, నీళ్లు. ఇతనికి అంతా తలకిందులు. ముద్ద సాఫీగా పోతోంది, ఉత్త గుటక దగ్గరే పేచీ. ఈ తీరును డాక్టర్లు గ్లోబస్ అంటారు. లాటిన్‌లో ఉండ, బంతి అని అర్థం. ఒకప్పుడు దాని వెనక హిస్టీరియా అనే మాట తగిలించేవారు, ఆడవాళ్ల నరాల బలహీనత అన్నట్టు. ఆ మాట తప్పని 1968లో మాల్కమ్‌సన్ అనే డాక్టర్ వాదించాక పేరు మారింది. మనవాళ్లలో ఆ పాత చూపు ఇంకా పూర్తిగా పోలేదనుకోండి. "అంతా నీ భ్రమ" అని ఇంట్లోవాళ్లు అనేస్తారు. భ్రమ కాదు. అక్కడ బిగుసుకున్న కండరం నిజం.

ఆ కండరం సంగతి చూద్దాం. స్వరపేటిక వెనక, అన్నవాహిక మొదలయ్యే చోట కట్టుపట్టీలాంటి ఒక కండరం ఉంటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. మింగినప్పుడు మాత్రం ఒక్క క్షణం వదులై, ముద్దను పంపి మళ్లీ మూసుకుంటుంది. నిద్రలో దాని బిగువు తగ్గుతుంది, టెన్షన్‌లో పెరుగుతుంది. నోట్లో ముద్దో నీళ్లో ఉంటే దానికి తెరుచుకునే పని ఉంటుంది. ఉత్త గుటకలో ఆ పని దాదాపు ఉండదు.

నమ్మకం లేకపోతే ఇప్పుడే, కూర్చున్న చోటే వరసగా అయిదు గుటకలు వేసి చూడండి. రెండోది ఫరవాలేదు. మూడోదానికి నోరు ఎండుతుంది. నాలుగో అయిదో గుటక దగ్గర గొంతు అసలు కదలనట్టే ఉంటుంది, ఏదో అడ్డం పడ్డట్టు కూడా ఉంటుంది. మీ గొంతులో ఏ లోపమూ లేదు, మింగడానికి ఉమ్మి మిగల్లేదంతే. మన తమ్ముడు ఇదే పరీక్షను రోజంతా చేసుకుంటున్నాడు. "ఉందా, పోయిందా" అని గుటక వేయడం, అడ్డం తగిలితే భయపడి మళ్లీ వేయడం. వేసిన ప్రతిసారీ కండరం ఇంకాస్త బిగుస్తుంది.

ఎప్పుడు మొదలైందని అడిగితే కాసేపు తటపటాయించి చెప్పాడు. వాళ్ల చిన్నాన్నకు గొంతు క్యాన్సరని ఇంటినుంచి ఫోన్ వచ్చిన వారమట. ఆ మాట బయటికి రావడానికి నాలుగు మెసేజీలు పట్టింది. ఇక్కడ ఒంటరిగా ఉండి అలాంటి వార్త వింటే ఎవరికైనా మొదట చెయ్యి వెళ్లేది తన గొంతు మీదికే. కొందరు అంతటితో ఆగక మెడను అటూ ఇటూ నొక్కి చూసుకుంటారు. స్వరపేటికను పక్కకు కదిపితే లోపల 'కటకట' మంటుంది. మృదులాస్థి వెనకున్న వెన్నెముకకు రాసుకునే చప్పుడది, మామూలే. దానికి హడలిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. అయితే మెడలో నిజంగానే గడ్డ చేతికి తగిలితే మాత్రం మీకు మీరే తీర్పు చెప్పుకోకండి, డాక్టర్‌కు చూపించండి.

టెన్షన్ ఒక్కటే అనీ అనలేం. ఇతని రాత్రుళ్లు ఎలా గడుస్తున్నాయో విన్నాక రిఫ్లక్స్ మీద, అంటే పొట్టలోని యాసిడ్ పైకి ఎగదన్నడం మీద కూడా అనుమానం వచ్చింది. భోజనం పదకొండింటికి. వెంటనే పడుకుని ఫోన్‌లో ఇంటివాళ్లతో కబుర్లు. పొద్దున లేవగానే గొంతు బొంగురు, పది నిమిషాల పాటు సవరించుకోవడం, నోట్లో పులుపు. ఛాతీలో మంట లేదు కాబట్టి యాసిడ్ కాదనుకున్నాడు. చాలామంది అక్కడే పొరబడతారు. అన్నవాహిక పొర అంతో ఇంతో యాసిడ్‌ను తట్టుకుంటుంది. గొంతు పొర సున్నితం. అప్పుడప్పుడు కాస్త పైకి ఎగదన్నినా దానికి చాలు. పైగా కింద రిఫ్లక్స్ ఉన్నా పైన కండరం బిగుసుకుంటుంది, కాబట్టి ఈ రెండూ చెట్టాపట్టాలేసుకుని తిరుగుతాయి.

అలాగని మందుల షాపుకెళ్లి యాసిడ్ మాత్రలు కొనుక్కుని నెలల తరబడి వేసుకోవడం సరి కాదు. బ్రిటన్‌లో మొండి గొంతు బాధలున్నవాళ్లకు లాన్సొప్రజోల్ అనే యాసిడ్ మాత్ర రోజుకు రెండుసార్లు, 16 వారాలు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వాళ్లకేమీ ఎక్కువ తగ్గలేదు. ఆ ఫలితం 2021లో వచ్చింది. ఛాతీ మంట, పులితేపులు కూడా ఉంటే అది వేరే లెక్క. అప్పుడు డాక్టర్ కొన్ని వారాలు వేసుకోమనవచ్చు. వేసుకుంటే తిండికి అరగంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే సరిగా పనిచేయదు. ఈ తమ్ముడికి నేను మాత్ర పేరెత్తలేదు. భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు పెట్టమన్నాను. మంచం తలవైపు కోళ్ల కింద దిమ్మలు పెట్టి ఒక జానెడు ఎత్తమన్నాను. దిండు మీద దిండు వేస్తే నడుం దగ్గర ఒళ్లు ముడుచుకుని పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, అది పనికిరాదు.

ఇంకొకటుంది, కొత్తగా వచ్చినవాళ్లలో నేను బాగా చూసేది. రోజంతా అలవాటు లేని యాసలో, ఎదుటివాళ్లకు అర్థమవుతుందో లేదోనన్న బెంగతో మాట్లాడతాం. అప్పుడు గొంతు కాస్త పైకి లేస్తుంది, దవడ బిగుస్తుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. దానికి తోడు లాప్‌టాప్ మీదికి మెడ సాచి కూర్చోవడం. వచ్చిన రెండో ఏడు నాకూ ఈ ఉండ వచ్చింది. మీటింగులున్న రోజు సాయంత్రం ఉండేది, సెలవు రోజు ఉండేది కాదు. ఇంత చదువు చదివిన నేనే నెల రోజులు దాన్ని మింగుతూ తిరిగాను!

అతనికి నేర్పినవి రెండే. గ్లాసులో మూడు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, స్ట్రా కొనను నీళ్లలో ముంచి, 'ఊ' అని సన్నగా గొంతు కలిపి బుడగలు వచ్చేలా ఊదాలి. బుగ్గలు, దవడ వదులుగా ఉంచాలి. ఒక్కోసారి మూడు నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. నీళ్ల ఒత్తిడి వెనక్కి తన్నడంతో గొంతు కండరాలు తమంతట తామే సడలుతాయి. రెండోది, గుటక వేయాలనో గొంతు సవరించుకోవాలనో అనిపించిన ప్రతిసారీ చిన్న గుక్కెడు నీళ్లు తాగడం. నీళ్లు లేకపోతే నోరు తెరిచి ఆవులించినట్టు చేసి 'హా' అని ఊపిరి వదలడం. వినడానికి సులువే, చేయడమే కష్టం. ఎందుకంటే గొంతు సవరించుకుంటే ఆ క్షణానికి హాయిగా ఉంటుంది. కానీ స్వరతంతువులు ఒకదానికొకటి కొట్టుకుని, వాచి, ఆ వాపే మళ్లీ ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇదంతా చెప్పినా డాక్టర్ దగ్గరికి పొమ్మన్నాను. గ్లోబస్ అని తేల్చాలంటే మెడ తడిమి, లోపల ఏమీ లేదని చూడాలి. ఇక్కడే భాష తిప్పలు పెడుతుంది. "మింగడం కష్టంగా ఉందా?" అని నర్సు అడిగితే మనవాళ్లు గుటకను మనసులో పెట్టుకుని అవునంటారు. కాగితం మీద అది తిండి దిగని జబ్బుగా ఎక్కుతుంది. ఆ తర్వాత జరిగే పరీక్షలు వేరు, తొందర వేరు. కాబట్టి విడమరిచి చెప్పాలి: తిండి, నీళ్లు బాగానే దిగుతున్నాయి, తినేటప్పుడు ఆ ఉండ ఉండదు, ఖాళీ గుటకలోనే తెలుస్తుంది, నొప్పి లేదు, వస్తూ పోతూ ఉంది.

ఇదే పొరపాటు రెండోవైపు జరిగితే ప్రమాదం. పిల్లల దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, 58 ఏళ్లు, "గొంతులో ఏదో ఉండమ్మా, అంతే" అని తేలిగ్గా తీసిపారేశారు. మీ భోజనం ఎలా సాగుతోంది బాబాయ్ అని అడిగితే, నాలుగు నెలలుగా ముద్ద చిన్నది చేసుకున్నారట. ప్రతి ముద్దకూ నీళ్లు కావాలట. బెల్టు రెండు కన్నాలు లోపలికి జరిగింది. అది గ్లోబస్ కాదు. ఎండోస్కోపీలో అన్నవాహిక కింది భాగంలో ఇరుకు బయటపడింది. అడ్డం ఎక్కడో కిందున్నా గొంతులోనే ఉన్నట్టు తోస్తుంది, అందుకే చోటును బట్టి నమ్మడానికి లేదు. ఆయన చేసినట్టు తెలియకుండానే తిండి తీరు మార్చుకుంటున్నారేమో మీ ఇంట్లో పెద్దవాళ్లను గమనించండి.

ముద్ద ఆగినా, మింగితే నొప్పి పుట్టినా, తిన్నది తిరిగి నోట్లోకి వచ్చినా ఆలస్యం చేయకండి. కారణం లేకుండా బరువు తగ్గడం, ఉమ్మిలో రక్తం, మూడు వారాలు దాటినా పోని బొంగురు, మెడలో గడ్డ కూడా అంతే. ఉండ మధ్యలో కాక ఎప్పుడూ ఒకే పక్కన ఉండి అదే వైపు చెవి పోటు పెడుతుంటే, గొంతు నొప్పి లేకపోయినా చూపించాల్సిందే. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లు, నలభై అయిదు దాటాక కొత్తగా ఇది మొదలైనవాళ్లు ఇంకాస్త ముందే వెళ్లాలి. ఊపిరి తీస్తుంటే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు వచ్చినా, ఉమ్మి కూడా మింగలేక కారిపోతున్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. నేరుగా ఎమర్జెన్సీకి పొండి.

తమ్ముడి ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేసి చూశారు. రెండు నిమిషాల పని. గొంతు వెనక కాస్త ఎరుపు తప్ప ఏమీ లేదు. ఇంటికొచ్చేసరికే ఉండ సగం తగ్గిందన్నాడు, ఆ గొట్టంలో మందేమీ లేకపోయినా. తర్వాత చిన్నాన్న ఆపరేషన్ జరిగిన వారం మళ్లీ పెరిగింది. అలా వస్తూ పోతూ తగ్గడమే దీని తీరు, వారాలు కాదు నెలలు పట్టవచ్చని ముందే చెప్పి ఉంచాను. నిద్ర పట్టకపోవడం మాత్రం తగ్గకపోతే దానికి విడిగా సాయం అడగమన్నాను, అడిగాడు.

మొన్న ఎలా ఉందని నేనే మెసేజ్ పెట్టాను. "పది రోజులుగా గుర్తే లేదక్కా," అని జవాబు. ఒక నిమిషం ఆగి ఇంకొకటి: "ఇప్పుడు మీరడిగాక ఒక గుటక వేసి చూశా. ఉంది!"