ఏడో ప్రశ్న దగ్గర నేను వినని మాట

ప్రశ్న: వచ్చే వారం మొదటిసారి ఒకరిని ఇంటర్వ్యూ చేయాలి. ఇరవై ప్రశ్నలు రాసుకున్నాను, అయినా చాలా టెన్షన్‌గా ఉంది. కాగితం చూసి చదివినట్టు కాకుండా మామూలుగా అడగడం ఎలా?

నా మొదటి ఇంటర్వ్యూ ఒక చిన్న పత్రిక కోసం, ఒక రిటైర్డ్ నర్సుగారితో. సర్వీసులో ఎక్కువ భాగం నైట్ డ్యూటీలే చేశారావిడ. నేను 24 ప్రశ్నలు రాసుకుని, నంబర్లు వేసుకుని వెళ్ళాను. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు కాగితం మీదే, తర్వాతి ప్రశ్నని మనసులో ఒకసారి అనుకుంటూ, ఆవిడ ఎప్పుడు ఆపితే అప్పుడు అడిగేయాలని. 35 నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. బాగానే జరిగిందనుకున్నాను.

ఇంటికొచ్చి రికార్డింగ్ విని రాసుకుంటుంటే గుండె జారిపోయింది. ఏడో ప్రశ్న "ఏయే వార్డుల్లో పనిచేశారు?" అని. ఆవిడ అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి "పిల్లల వార్డుకి మాత్రం ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు" అన్నారు. వెంటనే నా గొంతు: "సరేనండీ. మీకు అవార్డులేమైనా వచ్చాయా?"

ఏ తర్వాత? నేను అడగనే లేదు. అక్కడివరకు ఒక్కో జవాబు కాగితం మీద ఆరేడు లైన్లు వస్తే, ఆ తర్వాత ఒకటి, రెండు లైన్లకు మించలేదు. పదకొండో ప్రశ్నకైతే "అది ఇందాక చెప్పాను కదా" అన్నారు. మీకు ఎదుటివాళ్ళ నోట ఆ మాట వచ్చిందంటే, జవాబులు ఉన్నట్టుండి పొట్టివైపోయాయంటే, మీరు వినడం లేదని వాళ్ళకి అర్థమైపోయిందన్నమాట.

రెండ్రోజులకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను: మీరన్న ఒక మాటని నేను పట్టించుకోలేదు, ఇంకో గంట ఇస్తారా అని. రమ్మన్నారు. ఈసారి ప్రశ్నల కాగితం బ్యాగులోనే ఉంచి, చిన్న చీటీ మీద ఐదు మాటలు మాత్రం రాసుకున్నాను: మొదటి రాత్రి, డాక్టర్లు, తోటి నర్సులు, పిల్లల వార్డు, రిటైర్మెంట్. పూర్తి వాక్యం రాసుకుంటే దాన్ని చదవాలనిపిస్తుంది. ఒక్క మాటే ఉంటే మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని చూసి అప్పటికప్పుడు ప్రశ్న అల్లుకోక తప్పదు. తేడా అంతా అక్కడే వచ్చింది నాకు.

మొదటి రాత్రి డ్యూటీ గురించి చెబుతూ "మూడు దాటాక వార్డు వేరేగా ఉంటుంది" అన్నారు. నా చీటీలో దీనికి సంబంధించింది ఏదీ లేదు. "వేరేగా అంటే?" అని ఆవిడ మాటనే తిరిగి అడిగాను, అంతే. పది నిమిషాలు చెప్పారు. ఊపిరి చప్పుడుని బట్టి ఎవరు నిద్రపోతున్నారో, ఎవరు నొప్పిని ఓర్చుకుంటూ మెలకువగా ఉన్నారో ఎలా తెలిసేదో, పేషెంటు మొహం మీద వెలుగు పడకుండా టార్చికి అరచెయ్యి అడ్డం పెట్టి సెలైన్ ఎలా చూసుకునేవారో. ఇవేవీ నా 24 ప్రశ్నల్లో లేవు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే అలాంటివి ఉంటాయని నాకు తెలియదు.

అలా చెబుతూ చెబుతూ పిల్లల వార్డు దగ్గరికి ఆవిడే వచ్చి ఆగిపోయారు. ఆ నిశ్శబ్దం భరించడం చాలా కష్టం, ఏదో ఒకటి అడిగేద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ ఇంకా కిటికీ వైపే చూస్తున్నారు, అంటే చెప్పడం అయిపోలేదు, గుర్తు చేసుకుంటున్నారు. లోపల ఐదు లెక్కపెట్టాను. ఒక పాప ఉండేదట, రోజూ రాత్రి ఈవిడ చెయ్యి పట్టుకుని "తెల్లారడానికి ఇంకా ఎంతసేపు?" అని అడిగేదట. ఒక రాత్రి డ్యూటీకి వెళ్ళేసరికి ఆ మంచం ఖాళీగా ఉంది. మర్నాడే వేరే వార్డుకి మార్చమని రాసిచ్చారట.

అక్కడ "మీకెలా అనిపించింది?" అని నేను అడగలేదు. అడిగితే "బాధేసింది" అని ఒక్క ముక్క వచ్చేది. కాసేపాగి, ఇది పత్రికలో రాయవచ్చా అని మాత్రం అడిగాను. పాప పేరు లేకుండా రాయమన్నారు.

అయితే అందరి దగ్గరా ఊరుకుంటే పనవదు. సహజంగానే తక్కువ మాట్లాడేవాళ్ళకి మన మౌనం పరీక్షలా ఉంటుంది. వాళ్ళని అభిప్రాయాలు కాకుండా పనులు అడగండి: "డ్యూటీ ఎక్కగానే మొదట ఏం చేసేవారు?" లాంటివి. ఒక పని చెప్పాక రెండోది దానంతటదే వస్తుంది.

మీ ఇరవై ప్రశ్నల్ని పారేయకండి. సంవత్సరాలు, పేర్లు, ఊళ్ళ స్పెల్లింగులు అన్నీ చివరి ఐదు నిమిషాలకి పెట్టుకుని, అప్పుడు కాగితం తీసి చూసి మరీ అడగండి, దానికి ఎవరూ ఏమీ అనుకోరు. నా వ్యాసంలోకి మొదటి రికార్డింగ్ నుంచి వచ్చినవి రెండు సంవత్సరాలు, ఒక వార్డు పేరు. మిగతాదంతా రెండో రోజు చెప్పిందే.