ఇంటర్న్‌షిప్ మెయిల్: "ఏ పనైనా చేస్తాను" అని రాయకండి

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్ కోసం 40 కంపెనీలకు మెయిల్ పెట్టాను. "దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి, ఏ పని ఇచ్చినా చేస్తాను, స్టైపెండ్ లేకపోయినా ఫర్వాలేదు" అని మర్యాదగానే రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. ఇంకెలా అడగాలి సార్?

జవాబు: మీ మెయిల్‌లో మర్యాదకు లోటు లేదు, సమాచారానికే లోటు. "ఏ పనైనా" అనగానే మీకు ఏం వచ్చో, ఏ టీమ్‌లో వెయ్యాలో, ఎన్నాళ్లు ఉంటారో ఆలోచించే పని అవతలివారి మీద పడుతుంది. వాళ్లకు అంత తీరిక ఉండదు, మెయిల్ పక్కన పెట్టేస్తారు. ఆ ఆలోచన మీరే చేసి పంపితే, వాళ్లు ఔననో కాదనో చెప్పడమే మిగులుతుంది.

ఉదాహరణకు, చిన్న దుకాణాల కోసం బిల్లింగ్ యాప్ తయారుచేసే కంపెనీకి రాస్తున్నారనుకుందాం. అసలు మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్తుంది కాబట్టి, ఇక్కడ మాటలకంటే వాటి వరస చూడండి.

"విషయం: డేటా టీమ్‌లో ఇంటర్న్‌షిప్, జనవరి నుంచి మే వరకు

నమస్తే. నేను కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం విద్యార్థిని. సరుకు నిండుకునే ముందే దుకాణదారుకు చెప్పే సదుపాయం మీ యాప్‌లో వచ్చిందని మీ వెబ్‌సైట్‌లో చదివాను. నా ప్రాజెక్టు కూడా అలాంటిదే. ఒక మందుల షాపు 14 నెలల బిల్లులు తీసుకుని, ఏ మందు ఎప్పుడు అయిపోతుందో వారం ముందు అంచనా వేసే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. రోజూ అమ్ముడయ్యే మందులకు అంచనా బాగానే కుదిరింది, ఎప్పుడో ఒకసారి అమ్ముడయ్యేవాటికి కుదరలేదు. కోడ్ లింకు కింద ఇచ్చాను.

జనవరి మొదటి వారం నుంచి మే నెలాఖరు దాకా వారానికి మూడు రోజులు పని చేయగలను. ఆ సమయంలో మీ డేటా టీమ్‌లో ఇంటర్న్‌ను తీసుకునే వీలుందా? ఈ విషయం వేరేవారు చూస్తుంటే, ఎవరికి రాయాలో చెప్పగలరా? రెజ్యూమె జతచేశాను."

ఇంతే. ఫోన్‌లో చదివినా నిమిషం పట్టదు. ఇందులో "కష్టపడతాను", "త్వరగా నేర్చుకుంటాను" అనే మాటలు లేవు చూడండి. అవి అందరూ రాస్తారు, ఎవరూ నమ్మరు. 14 నెలల బిల్లులతో కుస్తీ పట్టారంటే కష్టపడ్డారని వాళ్లకే అర్థమవుతుంది.

"కుదరలేదు" అని రాయడానికి మీకు చేయి రాకపోవచ్చు. కానీ నాకు ఆ మెయిల్‌లో బాగా నచ్చిన వాక్యం అదే. పని నిజంగా చేసినవాళ్లకే అది ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది. పైగా ఇంటర్వ్యూకి పిలిస్తే మొదట అడిగేది కూడా దాని గురించే కావచ్చు. ఎందుకు కుదరలేదో రెండు ముక్కల్లో చెప్పగలిగేలా ఉండండి. చేయని పని మాత్రం రాయకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

తేదీలు రాసేముందు, వారానికి ఎన్ని రోజులు బయట పని చేయనిస్తారో, అనుమతి పత్రం ఇస్తారో లేదో కాలేజీలో కనుక్కోండి. కంపెనీ సరే అన్నాక కాలేజీ వద్దంటే రెండు చోట్లా మాట పోతుంది.

స్టైపెండ్ సంగతి మొదటి మెయిల్‌లో ఎత్తొద్దు. ఉచితంగా చేస్తానని మీ అంతట మీరే అంటే, వాళ్లు ఇద్దామనుకున్నది కూడా మీరే వదులుకున్నట్టు. తీసుకుంటామని చెప్పాక, చేరే ముందు మామూలుగా అడగండి, తప్పేమీ లేదు.

ఇలాంటి మెయిల్ 40 మందికి రాయలేరు. వారానికి నాలుగైదు రాయండి. ఒకటే మెయిల్‌లో పేర్లు మార్చి పంపితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను దరఖాస్తులు చూసే పనిలో ఉన్నప్పుడు, పైన మా కంపెనీ పేరు, లోపల ఇంకో కంపెనీ మీద పొగడ్తలు ఉన్న మెయిల్ వచ్చింది. నవ్వుకుని మూసేశాం. కంపెనీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు ఫారం ఉంటే ముందు అది నింపి, నింపానని మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి. మెయిల్ వీలైతే ఆ టీమ్ నడిపే వ్యక్తికే, పేరుతో రాయండి.

వారం, పది రోజులు చూసినా జవాబు రాకపోతే, పాత మెయిల్‌కే రిప్లై కొట్టి రెండు వాక్యాలు రాయండి: "నా కిందటి మెయిల్ చూసే వీలు కలిగిందా? జనవరి నుంచి ఇంకా అందుబాటులోనే ఉన్నాను." "మీరు జవాబివ్వలేదు" అనే మాట రానివ్వకండి. దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే మూడోది పంపకుండా తర్వాతి కంపెనీకి వెళ్లండి.