మైనస్ 16లో ఉప్పు చల్లితే ఏమవుతుంది?

ప్రశ్న: నీళ్లలో ఉప్పు వేస్తే ఆలస్యంగా మరుగుతాయంటారు, కొందరేమో వంట త్వరగా అవుతుందంటారు. ఏది నిజం? అదే ఉప్పు రోడ్ల మీద మంచును ఎలా కరిగిస్తుంది?

వంట సంగతి ముందు చెప్పేస్తాను, అందులో తేల్చడానికి పెద్దగా ఏమీ లేదు. లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు, అంటే రెండు టీస్పూన్లకు కాస్త తక్కువ వేస్తే మరిగే స్థానం సుమారు 0.17 డిగ్రీ పెరుగుతుంది. అంతే. సముద్ర మట్టం నుంచి 50 మీటర్లు పైకి వెళితే అంతకంతా తగ్గిపోతుంది. ఎండ కాసే రోజుకీ తుఫాను పట్టిన రోజుకీ గాలి ఒత్తిడిలో వచ్చే తేడా కూడా దీనికంటే ఎక్కువే. ఒక్క డిగ్రీ పెంచాలన్నా లీటరుకు 57 గ్రాములు వేయాలి. సముద్రపు నీళ్లలో ఉండేదే లీటరుకు 35 గ్రాములు, కాబట్టి ఆ వంట ఎవరూ నోట పెట్టలేరు. ఉప్పు ఇక కరగనంత వేసినా నీళ్లు 109 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మామూలు ప్రెషర్ కుక్కర్ మూత పెట్టిన కాసేపటికే 120 దగ్గరికి చేరుతుంది. కాబట్టి వంటలో ఉప్పు రుచికి వేసుకోండి, వేగానికి కాదు.

వంట వీడియోల్లో మరిగే గిన్నెలో ఉప్పు వేయగానే నీళ్లు భగ్గున పొంగడం చూపించి 'చూశారా, ఎంత వేడెక్కిందో' అంటారు. ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది, పిల్లలు చూసి అదే నేర్చుకుంటారు కదా. ఆ పొంగుకి వేడితో సంబంధం లేదు. నీళ్లు ఆవిరి కావడానికి సిద్ధంగా ఉండి, బుడగ మొదలయ్యే చోటు కోసం చూస్తుంటాయి. ఉప్పు గింజల గరుకు అంచులు ఆ చోటు ఇస్తాయి, ఒక్కసారిగా వందల బుడగలు లేస్తాయి. రెండు క్షణాల్లో అణిగిపోతుంది. థర్మామీటర్ పెట్టి చూస్తే ఆ క్షణంలో ఉష్ణోగ్రత పెరగదు, పైగా చల్లటి ఉప్పు పడినందుకు కాస్త తగ్గుతుంది.

ఇక మంచు. నేను అసలు రాయాలనుకున్నది దీని గురించే. మంచు బాగా పడే చోట కొన్నేళ్లు ఒక పెద్ద గిడ్డంగి నిర్వహణ చూశాను. లారీలు వెనక్కి వచ్చి ఆగే ఏటవాలు ర్యాంపు ఉండేది. చలికాలంలో నా టెన్షన్ అంతా ఆ ర్యాంపే. మంచు తీసి ఉప్పు చల్లే పని ఒక కాంట్రాక్టరుకి ఇచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం నుంచి సన్నగా మంచు పడుతోంది. ర్యాంపు ఉపరితలం మైనస్ 1 దగ్గర ఉంది. గాలి ఉష్ణోగ్రత కాదు, నేల ఉష్ణోగ్రత చెబుతున్నాను. తుపాకీలా గురిపెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో నేలనే కొలవాలి, గాలికీ నేలకీ నాలుగైదు డిగ్రీల తేడా ఉండటం మామూలే. కాంట్రాక్టరు మనిషి వచ్చి ఉప్పు చల్లి వెళ్లాడు. పావుగంటలో ర్యాంపంతా తడిగా, నల్లగా, శుభ్రంగా కనిపించింది. అందరూ హాయిగా ఇళ్లకు బయలుదేరుతున్నారు. నేను మాత్రం ఆ తడిలోంచి ఒక చుక్క తీసి, నీటిలో ఉప్పు శాతం చూపే రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేసి వెలుతురుకి పెట్టి చూశాను. ఉప్పు 3 శాతం. పైనుంచి మంచు పడుతూనే ఉంది, పడిన ప్రతి పొరా కరిగి ఆ ఉప్పునీటిని పలచన చేస్తూ పోయింది. 3 శాతం ఉప్పునీరు మైనస్ 1.8 దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ రాత్రికి మైనస్ 16 అని వాతావరణ సూచన.

కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, ఆ తడిని రబ్బరు బ్లేడుతో తోసేయమని చెప్పాను. కరిగిపోయిందిగా, ఇంకేం కావాలన్నారు అవతల. తెల్లవారేసరికి ర్యాంపు మీద గాజులాంటి పొర. నీరు గడ్డకట్టేటప్పుడు స్వచ్ఛమైన నీరే మంచుగడ్డగా విడిపోతుంది, ఉప్పంతా మిగిలిన ద్రవంలోకి చేరుతుంది. అలా చిక్కబడుతూ చిక్కబడుతూ మైనస్ 16 వచ్చేసరికి ఆ ద్రవం 19 శాతం దాటుతుంది. 3 శాతంతో మొదలైన నీటిలో ఆరింట అయిదు వంతులు గట్టి గడ్డే, మిగిలిన కాస్త ద్రవం గడ్డ లోపలి సందుల్లో ఇరుక్కుని ఉంటుంది. కాలు పెడితే జర్రున జారుతుంది. ఉదయం వచ్చిన మొదటి లారీని కిందే ఆపేయించాను.

కాంట్రాక్టరు మనిషి మళ్లీ వచ్చి బస్తా విప్పి కుమ్మరించాడు. ఇంకో రెండు బస్తాలు వేస్తే కరగకపోతుందా అని అతని ధీమా. అరగంట తర్వాత వెళ్లి చూస్తే ఉప్పు గింజలు అలాగే ఉన్నాయి, బూట్ల కింద ఇసుకలా కరకరలాడుతున్నాయి. అక్కడక్కడా ఒక గింజ తన కింద సూది బెజ్జమంత గుంట చేసుకుని అందులో దిగబడి ఉంది. చుట్టూ గడ్డ చెక్కుచెదరలేదు.

ఎందుకలా జరిగిందో లెక్క వేస్తే తెలుస్తుంది. వంద చదరపు మీటర్ల ర్యాంపు మీద ఒక మిల్లీమీటరు మందం మంచుగడ్డ అంటే దాదాపు 92 కిలోలు. నేల మైనస్ 1లో ఉంటే, కరిగిన నీరు మళ్లీ గడ్డకట్టకుండా ఉండటానికి ఒకటిన్నర కిలోల పైచిలుకు ఉప్పు చాలు. అదే గడ్డ మైనస్ 16లో ఉంటే 22 కిలోలు కావాలి. ఒకే ర్యాంపు, ఒకే మందం, పద్నాలుగు రెట్లు ఉప్పు. మైనస్ 21 దాటితే ఎన్ని బస్తాలు పోసినా కరగదు, సాధారణ ఉప్పుకి అదే చివరి హద్దు. ఆచరణలో నేల మైనస్ 9, 10 కంటే చల్లబడితే ఉప్పు మీద ఆశ వదులుకోవాలి.

పైగా ఉప్పు వేడి పుట్టించదు. చాలామంది పొరపడేది ఇక్కడే. మంచుగడ్డ ఉపరితలం నుంచి నీటి అణువులు ఊడి ద్రవంలోకి పోతూ ఉంటాయి, ద్రవంలోంచి కొన్ని తిరిగి వచ్చి గడ్డకు అతుక్కుంటూ ఉంటాయి. ద్రవంలో ఉప్పు కలిస్తే తిరిగి వచ్చే అణువులు తగ్గుతాయి, ఊడిపోయేవి అలాగే ఊడిపోతుంటాయి. అందుకే గడ్డ తరుగుతుంది. కానీ ఊడిపోయే ప్రతి అణువుకీ వేడి కావాలి. కిలో గడ్డ కరగడానికి 334 కిలోజౌళ్లు. ఆ 92 కిలోలకూ కలిపితే ఎనిమిదిన్నర యూనిట్ల కరెంటుతో సమానం. ఉప్పు దాన్ని ఇవ్వదు, నేల నుంచి, గాలి నుంచి, ఎండ నుంచి రావాలి. తెల్లవారుజామున గడ్డకట్టిన కాంక్రీటు దగ్గర ఇవ్వడానికి వేడి ఎక్కడుంది?

నమ్మకం లేకపోతే ఇంట్లోనే చూడొచ్చు. మూడు వంతుల నలగ్గొట్టిన ఐసు, ఒక వంతు ఉప్పు స్టీలు గిన్నెలో వేసి కలుపుతూ థర్మామీటర్ పెట్టండి. ఐసు కరుగుతూనే ఉంటుంది, ఉష్ణోగ్రత మాత్రం సున్నా నుంచి మైనస్ 15, మైనస్ 18 దాకా పడిపోతుంది. గిన్నె బయట గాలిలోని తేమ తెల్లటి నూగులా పేరుకుంటుంది. దాన్ని తడిబట్ట మీద పెడితే బట్ట గిన్నెకు అతుక్కుపోతుంది. కరగడానికి కావలసిన వేడిని ఆ మిశ్రమం తనలోంచే లాక్కుంటుంది కాబట్టి ఇలా అవుతుంది. చేత్తో ముట్టుకోకండి, చర్మం కాలినట్టు అవుతుంది.

మరి వంటలో అంత తక్కువ ప్రభావం చూపే ఉప్పు ఇక్కడెందుకు ఇంత చేస్తుందంటే, రెండు కారణాలున్నాయి. ఒకటి, కిలో నీటిని ఆవిరి చేయడానికి 2257 కిలోజౌళ్లు కావాలి, కరిగించడానికి కావలసింది దానిలో ఏడో వంతే. ఆ గుప్తోష్ణం ఎంత ఎక్కువైతే ఉప్పు ఆ ఉష్ణోగ్రతను అంత తక్కువ కదిలించగలదు. అందుకే ఒకే మోతాదు ఉప్పు మరిగే స్థానాన్ని పెంచేదానికంటే గడ్డకట్టే స్థానాన్ని మూడున్నర రెట్లు ఎక్కువ కిందికి దించుతుంది. రెండోది ఇంకా ముఖ్యం. గిన్నెలో లీటరు నీళ్లకు 10 గ్రాములు వేస్తున్నారు. రోడ్డు మీద ఉప్పు గింజ చుట్టూ ఉండేది వెంట్రుక మందం నీటి పొర. అక్కడ అది ఇక కరగనంత చిక్కటి ఉప్పునీరు తయారుచేస్తుంది. ఉప్పు ఎంత వేశామన్నది కాదు, ఎంత నీటిలో వేశామన్నదే లెక్క.

అందుకే మంచు పడ్డాక కుప్పలు పోయడం కంటే, పడకముందే 23 శాతం ఉప్పునీరు నేల మీద పిచికారీ చేయడం ఎన్నో రెట్లు మేలు అంటాను. పొడి ఉప్పు కొంత ఎగిరి పక్కకు పోతుంది, ఉప్పునీరు నేలకు అంటుకుంటుంది. మంచు పడినా కింద నేలతో అతుక్కోదు. మొత్తాన్నీ కరిగించే పని లేదు, కింద పట్టు లేకపోతే చాలు, బ్లేడు పెట్టి తోస్తే పలకలుగా లేచి వస్తుంది. 23 శాతమే ఎందుకంటే, అన్నిటికంటే కింద, మైనస్ 21 దగ్గర గడ్డకట్టేది అదే. ఇంకా చిక్కగా కలిపితే మంచిదని కొందరు 26 దాకా పోతారు, అప్పుడు సున్నా దగ్గరే ఉప్పు స్ఫటికాలు విడిపోయి నాజిళ్లు మూసుకుపోతాయి.

మళ్లీ ఆ ర్యాంపు దగ్గరికొస్తే, ఉప్పు చల్లడం ఆపించి గడ్డ మీద గరుకు ఇసుక వేయించాను. ఇసుక దేన్నీ కరిగించదు, టైరుకి పట్టునిస్తుంది, ఎంత చలిలోనైనా ఇస్తుంది. లారీలు మెల్లగా ఎక్కాయి. అంచుల్లో మాత్రం కాల్షియం క్లోరైడ్ వాడాం. అది కరిగేటప్పుడు తనే కొంత వేడి ఇస్తుంది, మైనస్ 25 దాకా పనిచేస్తుంది. కానీ ఎక్కువైతే నేల జిడ్డుగా జారుతుంది, ఉప్పులాగే కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది, కాబట్టి పిడికెడు వేయాల్సిన చోట బకెట్టు పోయకూడదు. పది దాటాక ఎండ ర్యాంపు మీదికి వచ్చింది, నేల మైనస్ 6కి చేరింది. పొద్దున పోసిన ఉప్పు అప్పుడు పని మొదలుపెట్టింది. గడ్డ కింద తడి కనిపించగానే పారలతో తీయించి, ఆ నీటిని ఈసారి నిలవనివ్వకుండా కాలువలోకి తోయించాను.