సెకండ్ హ్యాండ్ సైట్‌లో ‘వెరిఫైడ్’ అంటే ఏమిటి?

పాత కార్లమ్మే సైట్లలో ‘వెరిఫైడ్ సెల్లర్’ అని ఉంటే నమ్మి అడ్వాన్స్ పంపొచ్చా?

పంపొద్దు. చాలాచోట్ల ఆ గుర్తు ఫోన్‌కి ఓటీపీ వచ్చిందన్నందుకే ఇస్తారు. కారు ఎవరిదో అది చెప్పదు. బండి నంబర్‌ను ప్రభుత్వ యాప్ mParivahanలో కొట్టి చూడండి. పేరు పూర్తిగా కనిపించకపోయినా, కారు మీద లోను ఉందో లేదో తెలుస్తుంది. లోను ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో లోను తీయించడానికి ఆర్టీఓలో ఇచ్చే ఫారం 35 తెచ్చుకుని ఆర్సీలో ఆ లోను తీయించాకే కొనండి. ఒరిజినల్ ఆర్సీలోని పేరును అమ్మే మనిషి గుర్తింపు కార్డుతో పోల్చుకోండి.

ఇక డబ్బు. బండి మీ చేతికొచ్చేదాకా సొమ్ము తన దగ్గరే ఉంచే సైటైతే మేలు. చాలా సైట్లు ప్రకటన వేసి తప్పుకుంటాయి. అలాంటి చోట “ఆర్మీలో ఉన్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, కారు పంపడానికి ముందు ఐదు వేలు వేయండి” అన్నారా, అక్కడితో ఆపేయండి. మీరే పాత ఫ్రిజ్ అమ్ముతున్నా జాగ్రత్త: డబ్బు రావడానికి మీరు క్యూఆర్ స్కాన్ చేసి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు.