డ్వార్ఫ్, ఎల్ఫ్, ఓర్క్: మూడింటి మూలం ఒకటి కాదు

“నా ఫాంటసీ నవల ముందుమాటలో డ్వార్ఫ్‌లు, ఎల్ఫ్‌లు, ఓర్క్‌లు మూడూ నార్స్ పురాణాల నుంచే వచ్చాయని రాయొచ్చా?”

డ్వార్ఫ్‌ల వరకు ధైర్యంగా రాయండి. ‘వోలుస్పా’ అనే పాత నార్స్ కవితలో వాళ్ల పేర్ల జాబితా ఉంది. టోల్కిన్ 1937 నాటి ‘ది హాబిట్’లో థోరిన్ అనే డ్వార్ఫ్ నాయకుడి బృందంలో దాదాపు అందరికీ పేర్లు అక్కడివే. మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా అందులోదే! కమ్మరి నైపుణ్యమూ పాతదే. డ్వార్ఫ్‌లు థోర్ దేవుడి సుత్తిని చేస్తుండగా, మాయావి దేవుడు లోకి ఈగ రూపంలో వచ్చి, కొలిమితిత్తి ఊదుతున్న బ్రోక్ అనే డ్వార్ఫ్ కనురెప్పను కుట్టాడు. కంట్లోకి రక్తం కారడంతో అతను తుడుచుకోవడానికి ఒక్క క్షణం ఆగాడు, సుత్తి పిడి పొట్టిదైపోయింది. ఈ కథ 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోరి గ్రంథంలో ఉంది. అయితే డ్వార్ఫ్‌లు పొట్టివాళ్లని ఆ పాత కవితలు స్పష్టంగా చెప్పవు, ఆ రూపం తర్వాతి జానపద కథల్లో స్థిరపడింది.

ఎల్ఫ్‌ల దగ్గర జాగ్రత్త. స్నోరి వాళ్లను వెలుగు ఎల్ఫ్‌లు, చీకటి ఎల్ఫ్‌లు అని విడదీశాడు. కానీ డ్వార్ఫ్‌ల నివాసాన్ని ‘నల్ల ఎల్ఫ్‌ల లోకం’ అన్నాడు కాబట్టి రెండు జాతుల మధ్య గీత చెరిగిపోతుంది. ఇంగ్లండులోనైతే ఒంట్లో హఠాత్తుగా పుట్టే పోటుకు ఎల్ఫ్‌ల బాణాలు కూడా కారణం కావచ్చంటూ మంత్రం చదివేవాళ్లు. అడవిలో విల్లు పట్టిన అమర జాతి చాలావరకు టోల్కిన్ మలిచిన రూపం.

ఓర్క్‌లను మాత్రం ఆ వాక్యంలోంచి తీసేయండి. నార్స్ పురాణాల్లో అలాంటి జాతి లేదు. పాత ఇంగ్లిష్ కావ్యం ‘బేవుల్ఫ్’లో బైబిల్‌లో తమ్ముణ్ని చంపిన కయీను సంతతిని చెప్పేచోట ‘ఓర్క్‌నేయస్’ అని ఒక్కసారి వస్తుంది, వర్ణన ఏమీ ఉండదు. సైన్యాలుగా కదిలే ఓర్క్ జాతిని కట్టింది టోల్కినే.